తరంగ సిద్ధాంతం ఎక్కడ ఆగిపోయింది? కాంతి విద్యుత్ ఫలితం ప్రశ్నకు జవాబు రాసే పద్ధతి

మొన్న ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతుంటే ఒక జవాబు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కొండమల్లేపల్లి నుంచి రోజూ బస్సులో దేవరకొండకు వచ్చి చదువుకునే అమ్మాయి రాసిన పేపరది. ప్రశ్న: కాంతి విద్యుత్ ఫలితాన్ని తరంగ సిద్ధాంతం ఎందుకు వివరించలేకపోయింది? నాలుగు మార్కులు. పేజీన్నర రాసింది, రాసిన ప్రతి వాక్యమూ నిజమే. అయినా రెండు మార్కులకు మించి వేయలేకపోయాను.

పేపర్లు ఇచ్చిన రోజు నా దగ్గరికొచ్చి, "సార్, అన్నీ రాసిన గదా, మార్కులెందుకు పోయినయ్?" అని అడిగింది. ఆమె రాసిన ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశాను. "గరిష్ఠ గతిజ శక్తి కాంతి తీవ్రతపై ఆధారపడదు" అన్న వాక్యం అది. "ఇది ప్రయోగం చెప్పిన మాట, బిడ్డా. మరి తరంగ సిద్ధాంతం ఏం చెప్పింది? ఆ మాట ఎక్కడుంది?" అన్నాను. పేజీన్నర మళ్లీ చదువుకుంది. ఎక్కడా లేదు.

ఒక సిద్ధాంతం ఓడిపోయిందని చెప్పాలంటే, ముందు అది ఏం జరుగుతుందని చెప్పిందో రాయాలి. తర్వాత నిజంగా ఏం జరిగిందో రాయాలి. ఈ రెండూ పక్కపక్కన ఉంటేనే వైఫల్యం కనిపిస్తుంది. ఈ పాఠంలో పిల్లలు పోగొట్టుకునే మార్కుల్లో చాలావరకు ఇక్కడే పోతున్నాయి. అందుకే ఈ పాఠాన్ని ఆ ఒక్క ప్రశ్న వైపు నడిపిస్తూ, అడుగడుగునా చెబుతాను.

మొదటి అడుగు: తీవ్రతను, పౌనఃపున్యాన్ని విడదీయడం

లోహపు పలక మీద తగిన కాంతి పడితే దానిలోంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ఇదే కాంతి విద్యుత్ ఫలితం. 1887లో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాల మీద ప్రయోగాలు చేస్తూ, అతినీలలోహిత కాంతి పడినప్పుడు నిప్పురవ్వలు సులువుగా దూకడం గమనించాడు. ఆ తర్వాత హాల్‌వాక్స్, లెనార్డ్ దీన్ని లోతుగా పరిశీలించారు. చరిత్ర ఇంతవరకు చాలు. జవాబులో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

కాంతిలో మనం మార్చగలిగేవి రెండు. ఒకటి తీవ్రత, అంటే సెకనుకు చదరపు మీటరు మీద ఎంత శక్తి పడుతోందన్నది. రెండోది పౌనఃపున్యం, మామూలు మాటల్లో కాంతి రంగు. ఎరుపుది తక్కువ, ఊదాది ఎక్కువ, అతినీలలోహితానిది ఇంకా ఎక్కువ. ఈ రెండూ కలగాపులగమైతే పాఠమంతా కలగాపులగమే.

దీన్ని క్లాసులో నేను బోరు మోటారుతో చెబుతాను. మన నల్లగొండ, పాలమూరు పిల్లలకు బోరు లోతు గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఒక ఊళ్లో వంద బోర్లున్నాయి, అన్నింట్లోనూ నీళ్లు 500 అడుగుల లోతులోనే ఉన్నాయి అనుకుందాం. 300 అడుగుల వరకే నీళ్లు ఎత్తగల మోటారు దించితే ఏమవుతుంది? చుక్క నీరు పైకి రాదు. ఒక గంట నడిపినా రాదు, రాత్రంతా నడిపినా రాదు. వంద బోర్లలోనూ అలాంటివే వంద మోటార్లు దించినా రాదు. అదే 600 అడుగులు ఎత్తగల మోటారు ఒక్కటి దించండి, నీళ్లు వస్తాయి. పైగా ఇంకో 100 అడుగులు ఎత్తే బలం మిగిలి ఉంటుంది.

బోరు లోతు అంటే లోహపు పని ప్రమేయం, అంటే ఎలక్ట్రాన్ లోహం నుంచి బయటపడటానికి కావాల్సిన కనిష్ఠ శక్తి. కాంతి శక్తి ముద్దలుగా వస్తుంది, ఆ ముద్దనే ఫోటాన్ అంటారు. మోటారు ఎత్తగలిగే అడుగులు అంటే ఒక్కో ఫోటాన్ శక్తి, అది పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. ఎన్ని మోటార్లు నడుస్తున్నాయన్నది తీవ్రత. ఈ మూడు జతలు మనసులో పెట్టుకోండి, మిగతా పాఠమంతా వీటి మీదే నడుస్తుంది. పరీక్షలో మాత్రం బోరు గురించి రాయకండి. ఇది మీకు అర్థం కావడానికే.

రెండో అడుగు: పరికరం, గ్రాఫు

గాలి తీసేసిన గాజు గొట్టంలో రెండు లోహపు పలకలు ఉంటాయి. కాంతి పడేది ఉద్గార పలక, ఎలక్ట్రాన్లను అందుకునేది సేకరణ పలక. గొట్టానికి క్వార్ట్జ్ కిటికీ పెడతారు, ఎందుకంటే మామూలు గాజు అతినీలలోహిత కాంతిని చాలావరకు ఆపేస్తుంది. రెండు పలకల మధ్య బ్యాటరీ, వోల్ట్‌మీటరు, మైక్రోఅమ్మీటరు ఉంటాయి. సేకరణ పలకను ధనాత్మకంగానో రుణాత్మకంగానో మార్చుకునేలా కమ్యుటేటరు కూడా ఉంటుంది. బొమ్మలో పిల్లలు తరచూ మరిచిపోయేది ఈ కమ్యుటేటరునే. అది లేకపోతే నిరోధక పొటెన్షియల్‌ను కొలిచే దారే ఉండదు.

సేకరణ పలకను ధనాత్మకం చేస్తూ పోతే కాంతి విద్యుత్ ప్రవాహం పెరుగుతుంది, కొంత దూరం వెళ్లాక పెరగడం ఆగిపోతుంది. బయటికొచ్చిన ఎలక్ట్రాన్లన్నీ అప్పటికే సేకరణ పలకకు చేరుతున్నాయి కాబట్టి, ఇంకా లాగినా కొత్తగా వచ్చేవి లేవు. ఇది సంతృప్త ప్రవాహం. ఇప్పుడు కాంతి తీవ్రతను రెట్టింపు చేస్తే సంతృప్త ప్రవాహం కూడా రెట్టింపవుతుంది.

గ్రాఫు గీసేటప్పుడు చాలామంది గీతను మూలబిందువు నుంచి మొదలుపెడతారు. అది తప్పు. పొటెన్షియల్ సున్నా ఉన్నప్పుడు కూడా ప్రవాహం ఉంటుంది, ఎందుకంటే ఎలక్ట్రాన్లు తమ సొంత వేగంతోనే అవతలి పలక దాకా వెళ్లగలవు. గీత ఎడమ వైపు, రుణ పొటెన్షియల్‌లో ఒక చోట అడ్డ అక్షాన్ని తాకి అక్కడి నుంచి పైకి లేవాలి. ఆ తాకే చోటే ఈ పాఠానికి గుండెకాయ.

మూడో అడుగు: నిరోధక పొటెన్షియల్

సేకరణ పలకను ఉద్గార పలకతో పోలిస్తే రుణాత్మకం చేశామంటే, వచ్చే ఎలక్ట్రాన్లను వెనక్కి నెడుతున్నట్టే. నెమ్మదైన ఎలక్ట్రాన్లు ముందు ఆగిపోతాయి. వేగంగా వచ్చేవి ఇంకా చేరుతూనే ఉంటాయి. రుణ పొటెన్షియల్‌ను పెంచుతూ పోతే, ఒక చోట అన్నింటికంటే వేగమైన ఎలక్ట్రాన్ కూడా ఆగిపోయి ప్రవాహం సున్నా అవుతుంది.

నిర్వచనం ఇలా రాయండి: గరిష్ఠ గతిజ శక్తి గల ఫోటో ఎలక్ట్రాన్‌ను కూడా ఆపి, కాంతి విద్యుత్ ప్రవాహాన్ని సున్నా చేసేందుకు సేకరణ పలకకు ఇవ్వాల్సిన కనిష్ఠ రుణ పొటెన్షియల్‌ను నిరోధక పొటెన్షియల్ అంటారు. ఇందులో "గరిష్ఠ", "కనిష్ఠ", "రుణ" అనే మూడు మాటల్లో ఏది వదిలేసినా నిర్వచనం కుంటుతుంది.

ఆ ఎలక్ట్రాన్ తన గతిజ శక్తినంతా ఈ పొటెన్షియల్‌కు ఎదురెక్కడంలో ఖర్చు చేసింది కాబట్టి

```
Kmax = e V0
```

బోరు దగ్గరికి మళ్లీ వస్తే, 600 అడుగుల మోటారు 500 అడుగుల బోరులోంచి నీళ్లు తెచ్చాక, నేల మీద పైపును నిలువుగా ఎత్తుతూ పోండి. 100 అడుగుల దగ్గర నీళ్లు ఆగిపోతాయి. ఆ 100 అడుగులే నిరోధక పొటెన్షియల్. పక్క బోర్లలో అలాంటి మోటార్లు ఇంకో యాభై నడిపితే ఊరికి వచ్చే నీళ్లు పెరుగుతాయి. కానీ ఏ పైపులోనూ నీళ్లు 100 అడుగులు దాటి ఎక్కవు.

అందుకే తీవ్రత మార్చి గీసిన మూడు గీతలు పైన మూడు వేర్వేరు ఎత్తుల్లో సంతృప్తమైనా, కింద ఎడమవైపు ఒకే బిందువు దగ్గర కలవాలి. తీవ్రతను అలాగే ఉంచి పౌనఃపున్యం మార్చి గీసిన గీతలు దీనికి తలకిందులు. కింద మూడు వేర్వేరు చోట్ల మొదలవుతాయి, పైన ఒకే ఎత్తుకు చేరతాయి. పౌనఃపున్యం ఎక్కువున్న గీత ఎడమవైపు ఎక్కువ దూరం నుంచి మొదలవుతుంది. ఈ రెండు గ్రాఫులను తారుమారు చేసి గీసిన పేపర్లు ప్రతి ఏడూ చూస్తాను.

ఆసక్తి ఉన్నవాళ్ల కోసం ఒక మాట. పౌనఃపున్యం పెరిగితే ఒక్కో ఫోటాన్ శక్తి పెరుగుతుంది కాబట్టి, అదే తీవ్రతకు ఫోటాన్ల సంఖ్య తగ్గుతుంది. కాబట్టి సంతృప్త ప్రవాహం కచ్చితంగా ఒకటే ఉండాలని లేదు. పాఠ్యపుస్తకం ఒకే ఎత్తులో గీస్తుంది, పరీక్షలో మీరూ అలాగే గీయండి.

ఇంకో సందేహం కూడా వస్తుంది. ఫోటాన్లన్నింటి శక్తీ ఒకటే అయినప్పుడు ఎలక్ట్రాన్లన్నీ ఒకే వేగంతో ఎందుకు రావు? ప్రవాహం ఒక్కసారిగా కాకుండా మెల్లగా ఎందుకు తగ్గుతుంది? లోహంలో ఎలక్ట్రాన్లన్నీ ఒకే శక్తి స్థాయిలో ఉండవు. పైగా లోపలి నుంచి వచ్చేవి దారిలో ఢీకొట్టుకుని కొంత శక్తి పోగొట్టుకుంటాయి. అతి తక్కువ శక్తి ఖర్చుతో బయటపడినవి మాత్రమే గరిష్ఠ గతిజ శక్తితో వస్తాయి. పని ప్రమేయం అంటే ఆ కనిష్ఠ ఖర్చే. సమీకరణంలో Kmax అని రాయడానికి కారణం కూడా ఇదే, ఉత్త K అని రాస్తే తప్పు.

నాలుగో అడుగు: ఆరంభ పౌనఃపున్యం, ఐన్‌స్టీన్ సమీకరణం

పౌనఃపున్యం తగ్గిస్తూ పోతే నిరోధక పొటెన్షియల్ కూడా తగ్గుతూ వచ్చి, ఒక చోట సున్నా అవుతుంది. ఆ పౌనఃపున్యమే ఆరంభ పౌనఃపున్యం. దానికి తక్కువ పౌనఃపున్యం గల కాంతి ఎంత తీవ్రంగా, ఎంతసేపు పడినా ఆ లోహం నుంచి ఎలక్ట్రాన్లు రావు. "ఎంత తీవ్రంగా, ఎంతసేపు" అన్న మాటలు నిర్వచనంలో తప్పకుండా ఉండాలి. తరంగ సిద్ధాంతం ఓడిపోయేది సరిగ్గా ఆ మాటల దగ్గరే.

పౌనఃపున్యానికి ఇది కనిష్ఠ విలువ. అదే తరంగదైర్ఘ్యంలో చెబితే ఆరంభ తరంగదైర్ఘ్యం గరిష్ఠ విలువ అవుతుంది. రెండు మార్కుల ప్రశ్నలో ఈ కనిష్ఠ, గరిష్ఠాలు తారుమారు కావడం మామూలే, ఒక్క క్షణం ఆగి రాయండి.

1905లో ఐన్‌స్టీన్ చెప్పింది ఇది. కాంతి శక్తి ముద్దలు ముద్దలుగా ఉంటుంది, ఒక్కో ముద్ద శక్తి hν. ఒక ఫోటాన్ తన శక్తినంతా ఒకే ఒక్క ఎలక్ట్రాన్‌కు, ఒకేసారి ఇచ్చేస్తుంది. అందులో కొంత లోహం నుంచి బయటపడటానికి ఖర్చవుతుంది, మిగిలింది గతిజ శక్తి అవుతుంది.

```
hν = φ0 + Kmax
φ0 = h ν0
e V0 = h ν - φ0
```

మూడో వరుస సరళరేఖ సమీకరణం. నిరోధక పొటెన్షియల్‌ను నిలువు అక్షం మీద, పౌనఃపున్యాన్ని అడ్డ అక్షం మీద పెట్టి గీస్తే, గీత వాలు h/e అవుతుంది. గీత అడ్డ అక్షాన్ని తాకే చోట ఆరంభ పౌనఃపున్యం ఉంటుంది. వాలులో లోహానికి సంబంధించిన రాశి ఏదీ లేదు. అందుకే సోడియం గీత, రాగి గీత సమాంతరంగా ఉంటాయి, తాకే చోట్లు మాత్రం వేరు. ఆరంభ పౌనఃపున్యానికి కింద గీతను వెనక్కి పొడిగించాల్సి వస్తే చుక్కల గీతతో పొడిగించండి. అక్కడ ఉద్గారమే లేదు, ఆ భాగం మన లెక్క కోసమే.

ఈ సరళరేఖను జాగ్రత్తగా కొలిచినవాడు మిల్లికాన్. మొదట్లో ఆయనకు ఐన్‌స్టీన్ ఊహ మీద నమ్మకం లేదు. గాలి తగిలితే సోడియం మీద పొర కట్టి పని ప్రమేయం మారిపోతుంది కాబట్టి, శూన్యం చేసిన గొట్టం లోపలే సోడియం ఉపరితలాన్ని కత్తితో చెక్కి, కొత్త ముఖం మీద కాంతి వేసి కొలిచాడు. గీత సరళరేఖగానే వచ్చింది. 1916లో దాని వాలు నుంచి ప్లాంక్ స్థిరాంకాన్ని 6.57×10⁻³⁴ జౌల్ సెకనుగా ప్రకటించాడు. ఈ రోజు మనం లెక్కల్లో వాడేది 6.63×10⁻³⁴.

ఐదో అడుగు: తరంగ సిద్ధాంతాన్ని ముందు మాట్లాడనివ్వడం

ఇప్పుడు అసలు ప్రశ్న. తరంగ సిద్ధాంతం ప్రకారం కాంతి శక్తి తరంగాగ్రం అంతటా సమంగా పరుచుకుని ఉంటుంది. ఆ శక్తి ఎంతన్నది తీవ్రత చెబుతుంది, పౌనఃపున్యం కాదు. ఎలక్ట్రాన్ ఆ శక్తిని ఆగకుండా, కొంచెం కొంచెంగా పీల్చుకుంటుంది. ఈ ఒక్క చిత్రం నుంచి మూడు జోస్యాలు వాటంతట అవే పుడతాయి. బట్టీ పట్టాల్సిన పని లేదు.

మొదటిది: తీవ్రత పెరిగితే తరంగంలోని విద్యుత్ క్షేత్రం బలపడుతుంది, ఎలక్ట్రాన్‌ను గట్టిగా ఊపుతుంది. కాబట్టి గరిష్ఠ గతిజ శక్తి, దాంతోపాటు నిరోధక పొటెన్షియల్ పెరగాలి. కానీ 1902లో లెనార్డ్ చేసిన ప్రయోగాల్లో తీవ్రత ఎంత మార్చినా ఎలక్ట్రాన్ల గరిష్ఠ శక్తి మారలేదు. వచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్యే మారింది.

రెండోది: శక్తి పోగవుతూ ఉంటుంది కాబట్టి, ఏ రంగు కాంతైనా సరే, తీవ్రత చాలినంత ఉంటేనో ఎక్కువసేపు వేస్తేనో ఎలక్ట్రాన్లు రావాలి. ఆరంభ పౌనఃపున్యం అనేదే ఉండకూడదు. కానీ ఉంది.

మూడోది: మసక కాంతి వేస్తే ఎలక్ట్రాన్‌కు కావాల్సిన శక్తి పోగవడానికి చాలా సమయం పట్టాలి. "చాలా సమయం" అని రాసి వదిలేయకుండా ఒక లెక్క చూపిస్తే జవాబు బలపడుతుంది. పొటాషియం తీసుకుందాం, పని ప్రమేయం 2.30 ఎలక్ట్రాన్ వోల్ట్. కాంతి తీవ్రత చదరపు మీటరుకు 10⁻⁵ వాట్ అనుకుందాం. ఒక పరమాణువుకు దక్కే చోటు 0.4 నానోమీటర్ల భుజం గల చదరం అనుకుందాం. ఆ చోట పడిన శక్తినంతా ఒకే ఎలక్ట్రాన్ పీల్చుకుందని, తరంగ సిద్ధాంతానికి వీలైనంత అనుకూలంగానే లెక్క వేద్దాం.

```
పరమాణువు వైశాల్యం   = (4×10⁻¹⁰)² = 1.6×10⁻¹⁹ m²
సెకనుకు అందే శక్తి    = 10⁻⁵ × 1.6×10⁻¹⁹ = 1.6×10⁻²⁴ J
కావాల్సిన శక్తి       = 2.30 × 1.6×10⁻¹⁹ = 3.68×10⁻¹⁹ J
పట్టే సమయం         = 3.68×10⁻¹⁹ / 1.6×10⁻²⁴ = 2.3×10⁵ s
```

అంటే దాదాపు 64 గంటలు, రెండున్నర రోజులకు పైనే. సోమవారం పొద్దున లైటు వేస్తే మొదటి ఎలక్ట్రాన్ బుధవారం రాత్రికి రావాలి. ప్రయోగంలో 10⁻⁹ సెకను ఆలస్యం కూడా కనబడదు. ఈ లెక్క బోర్డు మీద వేసిన రోజున ఆ కొండమల్లేపల్లి అమ్మాయి, "అయితే సార్, శక్తి అంతా ఒక్క దగ్గరే కట్ట కట్టుకొని రావాలె, పరుచుకొని వస్తే కుదరదు" అంది. ఐన్‌స్టీన్ చెప్పింది అదే.

ఒక తప్పు గురించి గట్టిగా చెప్పాలి. తీవ్రత పెరిగితే ప్రవాహం పెరుగుతుందన్న ఫలితాన్ని చాలామంది వైఫల్యాల జాబితాలో నాలుగోదిగా చేర్చేస్తున్నారు. అది వైఫల్యం కాదు. ఎక్కువ శక్తి పడితే ఎక్కువ ఎలక్ట్రాన్లు వస్తాయని తరంగ సిద్ధాంతం కూడా చెప్పగలదు. జవాబు నిండుగా కనిపించాలని ఇది చేర్చితే, పాఠం అర్థం కాలేదని దిద్దేవాళ్లకు మీరే చెప్పినట్టు అవుతుంది. అలాగే కాంతి తరంగం కాదని కూడా రాయకండి. వ్యతికరణం, వివర్తనం ఇప్పటికీ తరంగ స్వభావంతోనే వివరిస్తాం. తరంగ సిద్ధాంతం ఓడిపోయింది ఇలాంటి ఫలితాల దగ్గర మాత్రమే.

ఆరో అడుగు: జవాబు కాగితం మీద

నాలుగు మార్కుల జవాబు ఇంత ఉంటే చాలు:

"తరంగ సిద్ధాంతం ప్రకారం కాంతి శక్తి తరంగాగ్రం అంతటా అవిచ్ఛిన్నంగా విస్తరించి ఉంటుంది. ఎలక్ట్రాన్లు ఆ శక్తిని నిరంతరంగా శోషించుకుంటాయి.

1) ఈ సిద్ధాంతం ప్రకారం కాంతి తీవ్రత పెరిగితే ఫోటో ఎలక్ట్రాన్ల గరిష్ఠ గతిజ శక్తి పెరగాలి. కానీ ప్రయోగంలో గరిష్ఠ గతిజ శక్తి తీవ్రతపై ఆధారపడదు. అది పతన కాంతి పౌనఃపున్యంతో రేఖీయంగా పెరుగుతుంది.

2) ఈ సిద్ధాంతం ప్రకారం తగినంత తీవ్రత ఉంటే ఏ పౌనఃపున్యం గల కాంతి అయినా ఎలక్ట్రాన్లను వెలువరించాలి. కానీ ప్రయోగంలో ఆరంభ పౌనఃపున్యానికి తక్కువైన కాంతి ఎంత తీవ్రమైనదైనా, ఎంతసేపు పడినా ఎలక్ట్రాన్లు వెలువడవు.

3) ఈ సిద్ధాంతం ప్రకారం తక్కువ తీవ్రత గల కాంతిలో ఎలక్ట్రాన్ కావాల్సిన శక్తిని కూడగట్టుకోవడానికి గంటలు, రోజులు పట్టాలి. కానీ ప్రయోగంలో కాంతి పడిన 10⁻⁹ సెకను లోపే ఎలక్ట్రాన్లు వెలువడతాయి.

కాబట్టి తరంగ సిద్ధాంతం కాంతి విద్యుత్ ఫలితాన్ని వివరించలేకపోయింది. ఒక ఫోటాన్ తన శక్తి hν మొత్తాన్ని ఒకే ఎలక్ట్రాన్‌కు ఇస్తుందన్న ఐన్‌స్టీన్ భావన, hν = φ0 + Kmax, ఈ మూడింటినీ వివరిస్తుంది."

ప్రతి అంశంలోనూ "ఈ సిద్ధాంతం ప్రకారం", "కానీ ప్రయోగంలో" అన్న రెండు మాటలు ఉన్నాయి చూడండి. జవాబు రాశాక ఈ రెండింటి కింద వేలు పెట్టి లెక్కపెట్టండి. మూడు, మూడు రావాలి. పెద్ద ప్రశ్నలో ఐన్‌స్టీన్ వివరణ కూడా అడిగితే, ప్రతి అంశానికి ఇంకో వాక్యం కలపండి. తీవ్రత పెరిగితే ఫోటాన్ల సంఖ్య పెరుగుతుంది, ఒక్కో దాని శక్తి పెరగదు. hν అనేది φ0 కంటే తక్కువైతే Kmax రుణాత్మకం కావాలి, అది అసాధ్యం. ఫోటాన్ శక్తిని ఒకేసారి ఇస్తుంది కాబట్టి ఆలస్యం లేదు.

ఏడో అడుగు: లెక్క

పొటాషియం మీద 400 నానోమీటర్ల కాంతి పడింది. పని ప్రమేయం 2.30 ఎలక్ట్రాన్ వోల్ట్. ఆరంభ పౌనఃపున్యం, నిరోధక పొటెన్షియల్ కనుక్కోవాలి.

```
ν0 = φ0/h = (2.30 × 1.6×10⁻¹⁹) / 6.63×10⁻³⁴ = 5.55×10¹⁴ Hz

E (eV) = 1240 / λ (nm) = 1240/400 = 3.10 eV
Kmax  = 3.10 - 2.30 = 0.80 eV
V0    = 0.80 V
```

మొదటి వరుసలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ను జౌల్‌గా మార్చకుండా భాగించడం చాలామంది చేసే పొరపాటు. అలా చేస్తే 10³³ లాంటి విలువ వస్తుంది. దృశ్య కాంతి పౌనఃపున్యాలు 10¹⁴ చుట్టూ ఉంటాయి కాబట్టి, జవాబు ఆ దరిదాపుల్లో లేకపోతే యూనిట్లు మరిచిపోయారని వెంటనే తెలిసిపోతుంది. చివరి రెండు వరుసల్లో మాత్రం మార్చాల్సిన అవసరమే లేదు. గరిష్ఠ గతిజ శక్తి ఎన్ని ఎలక్ట్రాన్ వోల్ట్‌లైతే నిరోధక పొటెన్షియల్ అన్ని వోల్ట్‌లు. మొత్తం జౌల్‌లలోనే చేస్తే చివర్లో 0.81 వస్తుంది. అది స్థిరాంకాల కుదింపు వల్ల వచ్చిన తేడా, తప్పు కాదు, టెన్షన్ పడకండి.

ఇదే లెక్కను కొంచెం తిప్పి అడుగుతారు. తీవ్రత రెట్టింపు చేస్తే నిరోధక పొటెన్షియల్ ఎంత? అదే 0.80 వోల్ట్, ప్రవాహం మాత్రమే రెట్టింపు. 650 నానోమీటర్ల ఎర్ర కాంతి వేస్తే? ఫోటాన్ శక్తి 1.91 ఎలక్ట్రాన్ వోల్ట్, 2.30 కంటే తక్కువ కాబట్టి ఉద్గారం లేదు. ఇక్కడ తీసివేత చేసి నిరోధక పొటెన్షియల్ మైనస్ 0.39 అని రాస్తే మార్కులు రావు, "ఉద్గారం జరగదు" అనే రాయాలి.

పౌనఃపున్యం రెట్టింపు చేస్తే గరిష్ఠ గతిజ శక్తి ఎంత? రెట్టింపు అని రాసేవాళ్లే ఎక్కువ. రెట్టింపయ్యేది ఫోటాన్ శక్తి, అది 6.20 అవుతుంది. పని ప్రమేయం మాత్రం 2.30 దగ్గరే ఉంటుంది. మిగిలేది 3.90, అంటే ముందున్న 0.80కి దాదాపు ఐదు రెట్లు. బోరు లోతు మారలేదు కాబట్టి, మోటారుకు పెరిగిన బలమంతా నేల పైకే వచ్చింది.